లారీలు రావట్లేదని ఏపీఎం సార్‌కు ఎప్పుడు చెప్పాలి, ఎట్ల చెప్పాలి?

ప్రశ్న: మాది పరకాల దిక్కు వడ్లు కొనే ఐకేపీ సెంటర్. ఈ యాసంగికే నన్ను ఇన్‌చార్జిగ పెట్టిన్రు. కాంటా అయిన బస్తాలు రెండు రోజుల సంది కుప్పలుగనే ఉన్నయి, లారీలు వస్తలేవు. కాంట్రాక్టర్ మనిషిని అడిగితే "వస్తయి, వస్తయి" అంటడు. మండలంల మా పై అధికారి ఏపీఎం సార్‌కు చెప్తే "రెండు రోజుల సంది ఏం చేస్తున్నరు" అంటడేమోనని భయం. చెప్పకపోతే వాన పడితే ఆగమైతది. ఎప్పుడు చెప్పాలె, ఎట్ల చెప్పాలె?

జవాబు:

ఈరోజే చెప్పండి, మధ్యాహ్నం మూడు దాటకముందే చెప్పండి. కాకపోతే ఫోన్ చేసే ముందు ఒక అరగంట, ముప్పావుగంట పని ఉంది. ఆ పని చేసి ఫోన్ చేస్తే "ఏం చేస్తున్నరు" అనే మాట చాలావరకు రాదు. వచ్చినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఏపీఎం ఆ మాట ఎందుకంటాడో ముందు చూడండి. ఆయన కింద మండలంలో మీ సెంటర్ ఒక్కటే లేదు. అన్ని సెంటర్ల నుంచీ పొద్దున లేస్తే "లారీలు వస్తలేవు సార్" అనే ఫోన్లే. ఆ ఒక్క మాటతో ఆయన ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు అర్థం కాదు. ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్‌కు చేయాలా, మిల్లు యజమానికా, సివిల్ సప్లైస్ డిప్యూటీ తహసీల్దార్ అయిన డీటీకా? అది తేలాలంటే ఆయన మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆ నాలుగింటికి మీరు "కనుక్కుని చెప్తా సార్" అన్నప్పుడే కోపం వస్తుంది. సమస్యతో వచ్చినందుకు ఎవరూ తిట్టరు, ఏ సమస్యో తేల్చకుండా వచ్చినందుకు తిడతారు.

"లారీలు రావట్లేదు" అనేది ఒక్క సమస్య కాదు, మూడు. ఒకటి, లారీలు నిజంగానే లేవు, లేదా కాంట్రాక్టర్ మీ వంతు లారీలను వేరే సెంటర్‌కు మళ్లించాడు. రెండు, లారీలు ఉన్నాయి కానీ మిల్లు దగ్గర దిగుమతి కాక వరుసలో నిలబడ్డాయి. మూడు, లోపం మన దగ్గరే ఉంది. కొన్న వడ్ల లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కించే ట్యాబ్‌లో ఎంట్రీలు పెండింగ్‌లో ఉన్నాయి, పోయినసారి లోడుకు కాగితాలు సరిగా లేవు, లేకపోతే హమాలీలు లేక వచ్చిన లారీ ఖాళీగా తిరిగిపోయింది కాబట్టి కాంట్రాక్టర్ మిమ్మల్ని వెనక్కి నెట్టాడు. ఈ మూడింటికీ మందు వేరు, మాట్లాడాల్సిన మనిషి వేరు.

ఏదో తేల్చడానికి కాంట్రాక్టర్ మనిషి మాట పనికిరాదు. ఆయన "వస్తయి" అనే అంటాడు, అది ఆయన ఉద్యోగం. మీరు ఫోన్ చేయాల్సింది డ్రైవర్లకు. మీ సెంటర్ నుంచి చివరగా లోడు తీసుకుపోయిన రెండు మూడు లారీల నంబర్లు ట్రక్ షీట్ల మీద ఉంటాయి, డ్రైవర్ నంబర్ కూడా రాసుకుని ఉంటే మంచిది. ఇప్పటిదాకా రాసుకోకపోతే ఇవాళ్టి నుంచి రాయండి. డ్రైవర్‌ను ఒక్కటే అడగండి: "ఇప్పుడు యాడ ఉన్నవు, లోడు దిగిందా?" దిగలేదు, రెండు రోజుల నుంచి మిల్లు గేటు ముందే ఉన్నా అంటే సమస్య మిల్లుది. దిగింది, వేరే ఊరి సెంటర్‌కు పొమ్మన్నరు అంటే సమస్య కాంట్రాక్టర్‌ది. ఇద్దరు డ్రైవర్లు ఒకే మాట చెప్తే చాలు, తేలినట్టే.

మిల్లు అని తేలితే ఇంకో ఫోన్ మిల్లు గుమస్తాకు చేయండి. ఎందుకు దించట్లేదని పోట్లాడొద్దు, అది మీ పని కాదు. మీ లారీల ముందు ఇంకా ఎన్ని ఉన్నాయి, ఎప్పటికి దిగుతాయి అని అడగండి, ఆయన చెప్పిన టైమ్ రాసుకోండి. హమాలీలు తక్కువ, స్థలం లేదు, వడ్లలో తాలు ఉంది అని ఏదో ఒక కారణం చెప్తాడు. అది నిజమా కాదా మీరు తేల్చక్కర్లేదు. ఆయన ఏం కారణం చెప్పాడో అదే మాట పైకి చేరాలి. ఎందుకంటే స్థలం లేదంటే ట్యాగింగ్ మార్చమని, అంటే మన సెంటర్‌ను వేరే మిల్లుకు కేటాయించమని అడగాలి, హమాలీలు లేరంటే ఆ మిల్లు మీదే ఒత్తిడి తేవాలి, తాలు అంటే కథ వేరే.

ఇక లెక్కలు. కొత్త ఇన్‌చార్జీలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. మీరు ఫోన్‌లో "1,150 బస్తాలు ఉన్నయి సార్" అంటారు. అవతల ఏపీఎం ఆన్‌లైన్‌లో చూస్తే 940 కనిపిస్తాయి. ఆ క్షణం నుంచి మీరు చెప్పే ప్రతి మాటనూ ఆయన అనుమానంగానే వింటాడు. నిజానికి మీరు అబద్ధం చెప్పలేదు. కాంటా అయిన బస్తాలన్నీ అప్పటికప్పుడు ట్యాబ్‌లోకి ఎక్కవు. పొద్దున కాంటా వేసినవి సాయంత్రం ఎక్కిస్తారు, మధ్యలో నెట్‌వర్క్ పోతుంది, ఒకరిద్దరు రైతుల ఖాతా వివరాలు తప్పుంటే వాళ్లవి ఆగిపోతాయి. రెండోవైపు, మీరు పంపిన లోడును మిల్లు ఆన్‌లైన్‌లో అందినట్టు చూపించేదాకా అది దారిలో ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ఎప్పుడూ రెండు అంకెలూ కలిపి చెప్పండి: కాంటా అయినవి 1,150, ట్యాబ్‌లో ఎక్కినవి 940, తేడా 210 ఈ పొద్దుటి కాంటా, సాయంత్రం నాలుగుకు ఎక్కుతాయి. తేడా ఎంత అన్నదానికంటే ఎందుకు ఉందో మీకు తెలియడం ముఖ్యం. చెప్పలేని తేడా ఉంటే ఫోన్ చేయకముందే రిజిస్టర్ రాసే మనిషినీ ట్యాబ్ ఆపరేటర్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టి రైతు పేరు పేరునా సరిచూడండి.

బస్తాలను లారీల్లోకి కూడా మార్చి పెట్టుకోండి. బస్తా 40 కిలోల లెక్కన 1,150 బస్తాలంటే 460 క్వింటాళ్లు, అంటే 46 టన్నులు. పది టైర్ల లారీకి సుమారు 400 బస్తాలు, 16 టన్నులు పడతాయి. మీకు కావాల్సినవి మూడు లారీలు. "ఎన్ని లారీలు కావాలె?" అని అడిగితే "ఎన్ని ఇస్తే అన్ని సార్" అనే సెంటర్‌కంటే "మూడు" అనే సెంటర్‌కే ముందు వస్తాయి, ఎందుకంటే ఇచ్చేవాడికి ఆ పని తెమిలిపోయినట్టు కనిపిస్తుంది. సన్న వడ్లు, దొడ్డు వడ్లు రెండూ ఉంటే ఏది ఎంతో విడిగా చెప్పండి. సన్నాలకు క్వింటాకు 500 బోనస్ ఉంది కాబట్టి వాటి లెక్క కలగలిస్తే తర్వాత రైతుల దగ్గర మీకే తలనొప్పి, పైగా అవి పోవాల్సిన మిల్లు వేరు కావచ్చు.

ఆఖరిది తేమ. మొన్న కాంటా అప్పుడు చూసిన తేమ ఇవాళ పనికిరాదు. ఆరుబయట రెండు రాత్రులు ఉన్న బస్తాల్లో అడుగు వరసా పై వరసా మారతాయి. నాలుగైదు బస్తాల్లో, అందులో రెండు తప్పనిసరిగా అడుగు వరసలోవి, బస్తాలోకి గుచ్చే గొట్టంతో గింజ తీసి మీటర్‌లో చూసి టైమ్‌తో సహా రాయండి. 17 శాతం హద్దు కాబట్టి 15, 16 మధ్య ఉంటే మీకు ఇంకా వెసులుబాటు ఉంది. 16.5 దాటిన బస్తాలు ఉంటే మాత్రం ఒక్క రాత్రి మంచుకే హద్దు దాటొచ్చు, ఆ మాట పైకి చెప్పి తీరాలి. వాన తగిలి రంగు మారడం, మొలకలు రావడం ఇంకా ప్రమాదం. తేమ ఎక్కువైతే ఆరబోసుకోవచ్చు. రంగు మారిన, మొలకెత్తిన, పాడైన గింజలన్నీ కలిపి 5 శాతం దాటితే మాత్రం ఆ కుప్పను ఆరబోసినా లాభం లేదు.

ఇప్పుడు ఎప్పుడు చెప్పాలన్న సంగతి. "ఇంకొక్క రోజు చూద్దాం" అనుకుంటూ పోతే హద్దు దొరకదు. వెనక నుంచి లెక్కేసుకోండి. రేపు రాత్రి వాన సూచన ఉందనుకోండి. బస్తాలు రేపు సాయంత్రానికి కదలాలి. పది మంది హమాలీల ముఠాకు ఒక లారీ ఎక్కించడం రెండు మూడు గంటల పని, మూడు లారీలంటే రోజంతా పడుతుంది. కాబట్టి మొదటి లారీ రేపు పొద్దున ఏడింటికల్లా రావాలి. పొద్దున ఏడింటికి లారీ రావాలంటే ఇవాళ సాయంత్రమే దాని పేరు మీ సెంటర్ మీద రాయాలి. అందుకు ఏపీఎంకు కాంట్రాక్టర్‌తో, డీటీతో మాట్లాడే టైమ్ రెండు మూడు గంటలైనా ఉండాలి. అందుకే మూడు గంటలు అన్నాను. అదే విషయం రాత్రి తొమ్మిదికి చెప్తే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండదు, "రేపు చూద్దాం" అంటాడు. మీరు ఆలస్యం చేసి ఆయన్నీ చేతులు కట్టేసి కూర్చోబెట్టినట్టు అవుతుంది. నిజంగా సంసిద్ధత లేనట్టు కనిపించేది అప్పుడే.

వాన సూచన లేని మామూలు రోజుల్లో అయితే ఇంత తొందర అక్కర్లేదు. చెప్పిన టైమ్‌కు లారీ రాలేదంటే సగం రోజు ఆగండి, ఆ సగం రోజులో పైన చెప్పిన ఫోన్లు చేయండి. అప్పటికీ కదలకపోతే చెప్పండి. ఉదయం పదికి రావాల్సింది పదిన్నరకు రాలేదని ఫోన్ చేస్తే మాత్రం చిరాకు పడతారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు.

కొన్నింటికి ఈ ముప్పావుగంట కూడా ఆగొద్దు. మిల్లు వాళ్లు బస్తాకు ఇంత తరుగు ఒప్పుకుంటేనే దించుతాం అన్నారా, లోడైన లారీని వెనక్కి పంపారా, కాంటా కాగితానికీ మిల్లు తూకానికీ తేడా అన్నారా, వెంటనే ఫోన్ చేయండి. లెక్కలు తర్వాత. ముఖ్యంగా తరుగు విషయంలో మీరుగా "సరే" అనొద్దు, రైతును పిలిచి ఒప్పించనూ వద్దు. మీ దగ్గర వ్యవసాయ శాఖ ఏఈవో చూసి ఓకే చేసిన నాణ్యత వివరాలు, కాంటా రోజు తేమ రాసిన రిజిస్టర్ పేజీ ఉన్నాయి కదా, వాటి ఫొటోలు పంపి "మిల్లు వాళ్లు ఇట్ల అంటున్నరు, నేను ఒప్పుకోలే, మీరే చెప్పాలె" అనండి. ఒకసారి మీరు ఒప్పుకున్నాక ఏపీఎం కూడా దాన్ని వెనక్కి తేలేడు.

ఎట్ల చెప్పాలి అంటే ముందు మెసేజ్, అయిదు నిమిషాలకు ఫోన్. ఊరికే ఫోన్ అయితే ఆయన ఏ మీటింగ్‌లోనో ఉండి సగం విని మర్చిపోతాడు. ఊరికే మెసేజ్ అయితే రాత్రిదాకా చూడకపోవచ్చు. మెసేజ్ ఉంటే ఆయన అదే పైకి ముందుకు పంపించేస్తాడు, అదే దాని అసలు లాభం. కాబట్టి మీ మెసేజ్‌ను ఏపీఎం మాత్రమే కాదు, ఆయన నుంచి జిల్లాలో ఆయన పై అధికారి డీపీఎం, డీటీ కూడా చదువుతారని అనుకుని రాయండి. గ్రూపులో మాత్రం ముందు పెట్టొద్దు. జిల్లా అధికారులున్న గ్రూపులో "లారీలు లేవు" అని కుప్పల ఫొటో పెడితే అది సాయం అడిగినట్టు ఉండదు, ఏపీఎం మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. ఆయనకు విడిగా చెప్పి, ఆయన పెట్టమంటే పెట్టండి.

చాలామంది రాసేది ఇట్ల ఉంటుంది:

"సార్ లారీలు వస్తలేవు రెండు రోజుల సంది. రైతులు గొడవ చేస్తున్నరు. వాన వచ్చేటట్టుంది. ఏం చేయాలె సార్."

ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క పనికొచ్చే మాటా లేదు. ఆఖరి ముక్క "ఏం చేయాలె" అనడంతో ఆలోచించే పని మొత్తం ఆయన నెత్తిన పడింది. అదే విషయం ఇట్ల రాయొచ్చు:

"సార్ నమస్తే. ఐకేపీ సెంటర్ నుంచి. సోమవారం సాయంత్రం తర్వాత మాకు లారీ రాలేదు. కాంటా అయినవి 1,150 బస్తాలు, అన్నీ దొడ్డు రకం. ట్యాబ్‌ల 940 ఎక్కినయి, మిగతా 210 ఈ పొద్దుటియి, 4 గంటల వరకు ఎక్కుతయి.

మా లోడు తీసుకపోయిన రెండు లారీలు మిల్లు దగ్గరనే ఆగినయి. 11 గంటలకు డ్రైవర్లతోని మాట్లాడిన. గుమస్తాను అడిగితే హమాలీలు తక్కువ, రేపు సాయంత్రం దాక దిగవు అన్నడు.

12 గంటలకు తేమ చూసిన, 15.8 నుంచి 16.6 ఉన్నది. హమాలీలు పది మంది ఇక్కడనే ఉన్నరు. టార్పాలిన్లు 700 బస్తాలకే సరిపోతయి.

మీతోని కావాల్సింది: రేపు పొద్దున 7 వరకు మూడు లారీలు, ఆ మిల్లుల దిగకపోతే వేరే మిల్లుకు ట్యాగింగ్. ఒక్క లారీనే దొరికినా పంపండి, పరదా లేని కుప్పల నుంచి 400 బస్తాలు ముందు ఎక్కిస్త. లారీ నంబర్లు, ట్రక్ షీట్ల ఫొటోలు కింద పెట్టిన."

ఈ మెసేజ్‌లో ఆఖరి పేరా మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. అడిగేది ఆయన చేయగలిగింది అయి ఉండాలి. "లారీల సమస్య తీర్చండి" అంటే ఆయన చేయలేడు, ఏ ఒక్కరూ చేయలేరు. మూడు లారీలు, ఒక టైమ్, ఒక మిల్లు మార్పు అంటే ఆయన ఫోన్ తీసి అడగగలడు. దాని కింద తక్కువదొకటి కూడా అడగండి. సీజన్ మధ్యలో మూడు లారీలు దొరకడం కష్టమని ఆయనకూ తెలుసు. మూడూ లేదా సున్నా అని పెడితే సున్నా వచ్చే అవకాశమే ఎక్కువ. ఒక్కటి వచ్చినా దాన్ని ఎట్ల వాడతారో ముందే చెప్పారంటే, ఆయన ఆ ఒక్కటైనా పంపిస్తాడు. ఇక్కడ లెక్క చూడండి: పరదా లేనివి 450, లారీ 400 తీసుకుపోతే మిగిలే 50 బస్తాలకు రైతుల దగ్గర టార్పాలిన్లు అడిగి కప్పుకోవచ్చు. వాన వచ్చినా గండం గడుస్తుంది.

ఫోన్‌లో కూడా అడగాల్సింది ముందు చెప్పండి, కారణాలు తర్వాత. "సార్, రేపు పొద్దుగాల మూడు లారీలు కావాలె, మెసేజ్ పెట్టిన, చూసిన్రా?" అక్కడి నుంచి ఆయనే అడుగుతాడు. తెలియనిది అడిగితే అంచనాగా చెప్పొద్దు. గన్నీ సంచులు ఎన్ని మిగిలాయని అడిగారనుకోండి, మీరు లెక్క పెట్టలేదు. "ఎంచలే సార్, పావుగంటల చెప్త" అని పావుగంటలో చెప్పండి. అట్ల చెప్తే చిన్నతనం కాదు. నోటికొచ్చిన అంకె చెప్పి రేపు తప్పని తేలితేనే పోయేది. ఒకవేళ ఆయన "నిన్న ఎందుకు చెప్పలే" అన్నాడంటే వాదించకుండా రిజిస్టర్‌లో రాసుకున్న టైమ్‌లు చదవండి: నిన్న పదికి, నాలుగుకు కాంట్రాక్టర్ మనిషికి ఫోన్ చేసిన, రాత్రికి పంపుతా అన్నడు, ఇవాళ పదకొండుకు డ్రైవర్‌ను అడిగితే అసలు సంగతి తెలిసింది. ఫోన్ చేసిన ప్రతిసారీ రిజిస్టర్ చివరి పేజీలో టైమ్, పేరు, ఆయన అన్న మాట ఒక్క గీతలో రాసుకోండి. రైతులు మిమ్మల్ని నిలదీసినప్పుడు కూడా అదే పేజీ పనికొస్తుంది.

చెప్పేశాను కదా అని కూర్చోవద్దు. ఆయన "సాయంత్రం వరకు చెప్త" అంటే ఏ టైమ్ అని అడిగి రాసుకోండి. ఆ టైమ్‌కు ఫోన్ రాకపోతే మీరు చేయండి, కానీ ఉత్త "ఏమైంది సార్" అనొద్దు. ఏదో ఒక కొత్త సంగతితో చేయండి: 210 బస్తాలు ట్యాబ్‌లో ఎక్కాయి, లేకపోతే మిల్లు దగ్గర ఒక లారీ దిగింది. అప్పుడు గుర్తు చేసినట్టూ ఉంటుంది, పీకల మీద కూర్చున్నట్టూ ఉండదు. ఈలోగా మీ చేతిలో ఉన్నవి ఆపొద్దు. తక్కువ తేమ ఉన్న కుప్పలను దారి పక్కకు సర్దించడం, బస్తాల కింద కట్టెలో రాళ్లో పెట్టి నేల తడి తగలకుండా ఎత్తించడం, చుట్టూ నీళ్లు పోయేటట్టు కాలువ తీయించడం మీ పనులే. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వీటిని అడుగుతూ ఫోన్ చేస్తేనే లోకువ అవుతారు.

ఏపీఎం నుంచి కూడా ఏమీ కాకపోతే? మీ తోవ ఏపీఎం కింద ఉండే సీసీ, తర్వాత ఏపీఎం, డీపీఎం, ఆ పైన జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి డీఆర్డీవో. లారీలు, మిల్లుల ట్యాగింగ్ సివిల్ సప్లైస్ వాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి ఒక్కోసారి డీటీతో నేరుగా మాట్లాడితేనే తొందరగా తెగుతుంది. కానీ ఏపీఎం తల మీదుగా పోవద్దు, ఆయనతోనే అనిపించుకోండి: "సార్, మీరు మీటింగ్‌ల ఉంటరేమో, డీటీ సార్‌కు నేనే ఫోన్ చేయాల్నా?" తొంభై పాళ్లు "చేయమ్మా, నేను చెప్పిన అను" అంటాడు. ఆ మాట అన్నాక డీటీకి అదే మెసేజ్ పంపి, పైన ఒక్క గీత చేర్చండి, ఏపీఎం సార్ చెప్పమన్నారని. మాట్లాడాక ఏం జరిగిందో ఏపీఎంకు తిరిగి చెప్పండి. ఈ ఆఖరి ఫోన్ చాలామంది మర్చిపోతారు. సాయంత్రం రివ్యూలో "మీ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది" అని డీటీ నోట వింటే ఆయనకు ఎట్ల ఉంటుందో ఊహించుకోండి.

వాన మొదలైపోయి, ఎవరూ ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఈ వరుస చూడొద్దు. ముందు పరదాలు కప్పించి, తడిసిన బస్తాలను పక్కకు తీయించి, ఎన్ని తడిశాయో రైతుల వారీగా రాసి, ఫొటోలు తీసి ఏపీఎంకూ డీపీఎంకూ ఒకేసారి పంపండి. అది మీ కాపుదల కోసం కూడా.